ఒక్క ఆధార్ కాపీ ఎన్ని చోట్ల ఉందో వెతికి తయారుచేసిన ప్రైవసీ సెషన్

విజయవాడలో ఒక లోన్ ఏజెన్సీ ఆఫీసు. బ్యాంకులకి, ఫైనాన్స్ కంపెనీలకి హోమ్ లోన్, పర్సనల్ లోన్, బండి లోన్ కస్టమర్లని తెచ్చిపెట్టే పని. స్టాఫ్ ముప్పై మంది దాకా ఉంటారు, అందులో సగం మంది ఫీల్డ్‌లో తిరిగేవాళ్ళు, మిగతావాళ్ళు ఆఫీసులో ఫైల్ లాగిన్, అంటే లోన్ ఫైల్ బ్యాంకులో వేయడం, ఎంట్రీ, ఫాలోఅప్, అకౌంట్స్ చూసేవాళ్ళు. ఓనర్ గారు ఫోన్ చేసి "కొత్త డేటా చట్టం వచ్చిందంట కదండీ, మా వాళ్ళకి ఒక గంట క్లాస్ చెప్పండి, ఒకవేళ రేపు బ్యాంకు వాళ్ళు ఆడిట్‌లో అడిగితే చేశామని చూపించుకోవాలి" అన్నారు. నేను చేసే పనే ఇది, ఆఫీసులకి వెళ్ళి ఇలాంటి సెషన్లు తయారుచేసి చెప్పడం. ఈ కేస్ ఎందుకు రాస్తున్నానంటే ఇలాంటి ఆఫీసులు మన దగ్గర ప్రతి ఊళ్ళో ఉన్నాయి, ఇన్సూరెన్స్ ఏజెన్సీ అయినా, ట్యాక్స్ ఫైలింగ్ ఆఫీసు అయినా, డయాగ్నస్టిక్ సెంటర్ అయినా కస్టమర్ కాగితాలు తిరిగే దారి దాదాపు ఇదే.

చట్టం సంగతి ముందు చెప్పేస్తా. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ యాక్ట్ 2023 ఆగస్టులో వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, సంస్థలు పాటించాల్సిన మెయిన్ బాధ్యతలకి అక్కడి నుంచి 18 నెలల టైం ఇచ్చారు, అంటే 2027 మే. డేటాకి తగిన సెక్యూరిటీ పెట్టకపోతే పెనాల్టీ 250 కోట్ల దాకా వేయొచ్చు. చాలామంది ట్రైనర్లు ఈ 250 కోట్ల స్లైడ్‌తోనే మొదలుపెడతారు. నేను పెట్టను. నెలకి పద్దెనిమిది వేలు తీసుకునే ఎంట్రీ ఆపరేటర్‌కి 250 కోట్లు అంటే తనకి సంబంధం లేని నంబర్, భయం కూడా వేయదు. ఇంకో సంగతి, భయం వేస్తే జరిగే మొదటి పని ఏంటంటే పొరపాటు దాచిపెట్టడం, మనకి కావాల్సింది దానికి పూర్తిగా ఉల్టా.

అందుకని క్లాస్ డేట్ ఫిక్స్ చేసే ముందు ఆఫీసులో కూర్చుని చూడనివ్వండి అని అడిగా. చూడటం అంటే ఫైళ్ళు తెరిచి కస్టమర్ వివరాలు చదవడం కాదు, ఆ విషయం ఓనర్ గారికి ముందే చెప్పా, నాక్కూడా వాళ్ళ కస్టమర్ల ఆధార్లు చూసే హక్కు లేదు. నేను ఒక డమ్మీ కస్టమర్ ఫైల్ తయారుచేసుకుని వెళ్ళా. తెల్ల కాగితం మీద పెద్దగా "నమూనా" అని రాసి, ఆధార్ నంబర్ ఉండాల్సిన చోట 0000 0000 0000 వేశా. అసలు ఆధార్ నంబర్ ఎప్పుడూ 0 తో గానీ 1 తో గానీ మొదలవదు కాబట్టి అది ఎవరిదీ అయ్యే అవకాశం లేదు. సెషన్ తయారుచేసేవాళ్ళు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి, నిజం కస్టమర్ కాగితాన్నే కొంచెం బ్లర్ చేసి స్లైడ్‌లో పెట్టేసేవాళ్ళు ఉంటారు, తర్వాత ఆ పీపీటీ స్టాఫ్ అందరికీ ఫార్వర్డ్ అవుతుంది, ప్రైవసీ క్లాసే లీక్ అయిపోతుంది.

ఆ డమ్మీ ఫైల్‌ని ఒక ఫీల్డ్ కుర్రాడికి ఇచ్చి "బాబూ, ఇది నిన్న వచ్చిన కేసు అనుకో, మామూలుగా ఏం చేస్తావో అదే చెయ్యి" అన్నా. దాని వెనకాలే తిరిగా.

కస్టమర్ ఆధార్ ఫోటో ముందు ఆ కుర్రాడి వాట్సాప్‌కి వచ్చింది. అది వచ్చిన వెంటనే ఫోన్ గ్యాలరీలోకి ఆటోమేటిగ్గా సేవ్ అయింది, ఆ ఫోన్‌లో వాట్సాప్ ఫోల్డర్‌కి కూడా గూగుల్ ఫోటోస్ బ్యాకప్ ఆన్ చేసి ఉంది కాబట్టి తన సొంత జీమెయిల్‌లోకి కూడా వెళ్ళింది. అక్కడి నుంచి ఆఫీసు "లాగిన్స్" గ్రూప్‌లో పెట్టాడు, ఆ గ్రూప్‌లో స్టాఫ్ అందరూ ఉన్నారు, ఆ ఫైల్‌తో పని ఉన్నది మాత్రం ఒక్క మేడమ్‌కే. ఆ మేడమ్ కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ నుంచి డౌన్‌లోడ్ చేశారు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఒక కాపీ. అక్కడి నుంచి గూగుల్ డ్రైవ్‌లో కస్టమర్ ఫోల్డర్‌లోకి, ఇంకో కాపీ. ప్రింట్ తీసి సంతకం కోసం కాగితం ఫైల్‌లో ఒకటి, సంతకాలయ్యాక మళ్ళీ స్కాన్ చేస్తే స్కానర్ షేర్డ్ ఫోల్డర్‌లో ఇంకోటి. చివరికి బ్యాంకు ఎగ్జిక్యూటివ్‌కి మెయిల్‌లో ఒకటి, ఆయన "మెయిల్ ఓపెన్ అవట్లేదు, వాట్సాప్ చెయ్యండి" అంటాడు కాబట్టి అక్కడొకటి. గ్రూప్‌లో ఉన్నవాళ్ళ ఫోన్లు వదిలేసి లెక్కేసినా తొమ్మిది చోట్ల ఉంది. గ్రూప్ ఫోన్లు కలిపితే ఇంక లెక్క లేదు. ఆఫీసు వాళ్ళ ఉద్దేశంలో మాత్రం ఆ ఆధార్ ఉన్నది ఒకే చోట, "డ్రైవ్‌లో ఉందండీ".

సెషన్‌కి కావాల్సిన మెటీరియల్ నాకు ఇక్కడే దొరికేసింది. చట్టం ఏం చెప్తుందంటే, ఏ పని కోసం డేటా తీసుకున్నారో ఆ పని అయిపోయాక, వేరే చట్టం ప్రకారం ఉంచాల్సిన అవసరం లేకపోతే, చెరిపేయాలి. కస్టమర్ వచ్చి "నా లోన్ రిజెక్ట్ అయింది కదా, నా కాగితాలు తీసేయండి" అంటే ఈ ఆఫీసు డ్రైవ్‌లో ఒక కాపీ డిలీట్ చేసి అయిపోయిందనుకుంటుంది, మిగతా ఎనిమిది అలాగే ఉంటాయి. ఎన్ని చోట్ల ఉందో తెలియని దాన్ని కాపాడలేం, తీసేయలేం కూడా.

ఇంకో విషయం బయటపడింది. డ్రైవ్ అంతా ఒకే జీమెయిల్ అకౌంట్ మీద నడుస్తోంది, పాస్‌వర్డ్ అందరికీ తెలుసు. మేనేజర్ గారిని కూర్చోబెట్టి ఆ అకౌంట్‌లో సెక్యూరిటీ పేజీలో "Your devices" ఓపెన్ చేయించా. లాగిన్ అయి ఉన్న ఫోన్ల లిస్ట్ వచ్చింది, కిందికి వెళ్ళేకొద్దీ ఆయన ముఖం మారిపోయింది, ఎందుకంటే అందులో మానేసి వెళ్ళిపోయిన వాళ్ళ ఫోన్ మోడళ్ళు ఉన్నాయి, వాళ్ళలో ఒకరు ఇప్పుడు పక్క వీధిలో ఇదే వ్యాపారం చేసే ఇంకో ఏజెన్సీలో ఉన్నారు. వాళ్ళు ఏమైనా చూశారా లేదా అన్నది చెప్పలేం, ఒకే ఐడీతో అందరూ తిరిగే చోట ఎవరు ఏం తెరిచారో లాగ్‌లో తేడా తెలీదు. కొత్త రూల్స్‌లో ఎవరు యాక్సెస్ చేశారో చూపించే లాగ్స్ ఏడాది పాటు ఉంచాలని ఉంది, ఈ పద్ధతిలో ఆ లాగ్ ఉన్నా లేనట్టే.

అప్పుడు ఓనర్ గారికి ఖచ్చితంగా చెప్పా, ఇది స్టాఫ్‌కి క్లాస్ చెప్తే పోయే సమస్య కాదు, క్లాస్‌కి ముందు మీరు చేయాల్సినవి ఉన్నాయి, అవి చేయకుండా క్లాస్ పెడితే నేను వాళ్ళని చేయలేని పని చేయమని చెప్పినట్టవుతుంది. "పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వొద్దు" అని నేను చెప్తుంటే వెనక గోడ మీద అదే పాస్‌వర్డ్ చీటీ అంటించి ఉంటే ఆ మాటకి విలువేముంటుంది. ఆయన మొదట ఖర్చు గురించి కొంచెం వెనకాడారు, మనిషికో ఐడీ అంటే నెల నెలా కట్టాలి కదా అని. చివరికి ఆఫీసులో కూర్చునే వాళ్ళకి పెయిడ్ ఐడీలు, ఫీల్డ్ వాళ్ళకి అప్‌లోడ్ చేయడానికి మాత్రమే ఒక ఫారం లింక్, అంటే వాళ్ళు పంపగలరు, లోపల ఉన్నవి చూడలేరు, అలా సెట్ చేసుకున్నాం. పాత అకౌంట్ పాస్‌వర్డ్ మార్చి ఆ లిస్ట్‌లో ఉన్న డివైసులన్నీ సైన్ అవుట్ చేయించాం. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేశాం.

తర్వాత ఓపెన్ లింకులు. డ్రైవ్‌లో ఫైల్ షేర్ చేసేటప్పుడు "Restricted" అని ఉంటే మనం పేరు పెట్టినవాళ్ళే తెరవగలరు, "Anyone with the link" అని పెడితే ఆ లింక్ ఎవరి చేతిలో పడితే వాళ్ళు తెరుస్తారు, లాగిన్ కూడా అడగదు. ఇలాంటివి ఎన్ని ఉన్నాయో చేత్తో వెతకడం కష్టం కాబట్టి ఆ అకౌంట్‌లోనే గూగుల్ యాప్స్ స్క్రిప్ట్‌లో చిన్న కోడ్ రన్ చేశా:

```
function openLinks() {
  var q = "'me' in owners and visibility = 'anyoneWithLink'";
  var it = DriveApp.searchFiles(q);
  while (it.hasNext()) {
    var f = it.next();
    Logger.log(f.getName() + " | " + f.getUrl());
  }
}
```

ఇది ఫైళ్ళనే చూపిస్తుంది, ఫోల్డర్లకి `searchFiles` బదులు `searchFolders` పెట్టి మళ్ళీ రన్ చేయాలి. అది మర్చిపోకూడదు, ఎందుకంటే అసలు ప్రమాదం ఫోల్డర్లతోనే. ఫోల్డర్ లింక్ ఓపెన్‌గా ఇచ్చారంటే ఇవాళ అందులో ఉన్నవే కాదు, రేపు అందులో వేయబోయేవి కూడా ఓపెన్ అయినట్టే. ఫైళ్ళు బాగా ఎక్కువుంటే స్క్రిప్ట్ మధ్యలో ఆగిపోతుంది, టైం లిమిట్ ఉంటుంది, అప్పుడు ఏడాది వారీగా విడగొట్టుకోవాలి. లిస్ట్ చూస్తే చాలావరకు ఒకే రకం, బ్యాంకు ఎగ్జిక్యూటివ్‌కి కస్టమర్ ఫోల్డర్ పంపడం కోసం ఓపెన్ చేసినవి, కేసు అయిపోయి ఏళ్ళు గడిచినా ఎవరూ మూయలేదు. అడిగితే ఎంట్రీ మేడమ్ చెప్పారు, "రెస్ట్రిక్టెడ్‌గా పంపితే ఆయన తెరవలేక మళ్ళీ రిక్వెస్ట్ పెడతారండీ, నేను భోజనానికి వెళ్తే అది అలా ఉండిపోతుంది, నా ఫైల్ లాగిన్ అవక టార్గెట్ పోతుంది". ఆవిడ చెప్పింది నిజం. ఇది బద్ధకం కాదు, తెలియకపోవడం కూడా కాదు, పని ఆగకుండా ఉండటానికి కనిపెట్టుకున్న దారి. కాబట్టి నేను సెషన్‌లో "ఓపెన్ లింక్ పెట్టకండి" అని ఊరికే చెప్తే లాభం లేదు, అంతే స్పీడ్‌గా జరిగే ఇంకో దారి చూపించాలి. ఎగ్జిక్యూటివ్ ఆఫీస్ మెయిల్ ఐడీ ముందే అడిగి ఆ ఐడీకే షేర్ చేయడం, పెయిడ్ ఐడీల్లో అయితే ఎక్స్‌పైరీ డేట్ కూడా పెట్టొచ్చు, ఇది రెండుసార్లు చేయించి చూస్తే లింక్ కాపీ చేసి పంపడం కన్నా ఒక పది సెకన్లు ఎక్కువ పట్టింది.

సెషన్‌ని అందరికీ కలిపి ఒకటి కాకుండా మూడు బ్యాచులుగా చేశాం, ఆఫీసు ఎంట్రీ వాళ్ళు, ఫీల్డ్ వాళ్ళు, అకౌంట్స్ వాళ్ళు, ఒక్కో బ్యాచ్‌కి గంట లోపు. ఫీల్డ్ వాళ్ళకి ఎక్సెల్ సంగతి అనవసరం, అకౌంట్స్ వాళ్ళకి గ్యాలరీ బ్యాకప్ అనవసరం, అందరికీ అన్నీ చెప్తే ఎవరికీ ఏమీ మిగలదు. స్లైడ్లు చాలా తక్కువ, ఎక్కువ సేపు వాళ్ళ చేతుల్లో వాళ్ళ కంప్యూటరే.

ఎంట్రీ వాళ్ళ బ్యాచ్‌లో మొదలుపెట్టింది ఇన్‌కాగ్నిటో టెస్ట్‌తో. నేను డమ్మీ కస్టమర్‌తో తయారుచేసిన ఫోల్డర్ లింక్ ఇచ్చి, బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి అందులో పేస్ట్ చేయమన్నా. లాగిన్ అడగకుండా తెరుచుకుంటే ఆ లింక్ ఊరందరికీ తెరుచుకుంటుంది, అంతే, సెట్టింగులు చదవడం రాకపోయినా ఈ టెస్ట్ ఎవరైనా చేయొచ్చు. ఒకావిడ అడిగారు, "సార్, లింక్ అంత పొడుగ్గా ఉంటుంది కదా, ఎవరు ఊహించగలరు". మంచి ప్రశ్న, ఊహించలేరు, నిజమే. కానీ లింక్ బయటికి పోయేది ఊహించడం వల్ల కాదు, ఫార్వర్డ్ వల్ల, ఎగ్జిక్యూటివ్ మారినప్పుడు పాత వాట్సాప్ చాట్ కొత్తాయనకి పంపడం వల్ల, ఉద్యోగం మానేసినవాడి ఫోన్‌లో ఉండిపోవడం వల్ల.

తర్వాత ఫైల్ పేర్లు. ఇది నాకు బాగా ముఖ్యం అనిపించిన విషయం. డౌన్‌లోడ్ చేసుకున్న ఇ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది, అది కస్టమర్ పేరులో మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లీష్ క్యాపిటల్స్‌లో, దాని పక్కన పుట్టిన సంవత్సరం. ఈ ఆఫీసులో ఫైళ్ళకి పేర్లు పెట్టే పద్ధతి ఏంటంటే పేరు, పుట్టిన తేదీ, కాగితం రకం. అంటే పాస్‌వర్డ్ ఫైల్ పేరులోనే ఉంది. బోర్డు మీద డమ్మీ పేరుతో ఒక ఫైల్ పేరు రాసి, దాని పాస్‌వర్డ్ చెప్పగలరా అంటే ఎంట్రీ వాళ్ళందరూ ఒకేసారి చెప్పేశారు, రోజూ తెరిచేది వాళ్ళే కదా. చెప్పాక ఒక్క క్షణం ఆగి వాళ్ళకే అర్థమైంది. బ్యాంకు స్టేట్‌మెంట్ల పాస్‌వర్డులు కూడా చాలావాటికి పుట్టిన తేదీనో, కస్టమర్ ఐడీనో, మొబైల్ నంబర్ అంకెలో కలిపి ఉంటాయి. అందుకే ఫైల్ పేరులో కస్టమర్ పేరు, తేదీ తీసేసి కేస్ నంబర్ పెట్టమన్నాం, ఆ నంబర్ ఎవరిదో తెలిపే రిజిస్టర్ షీట్ వేరే ఫోల్డర్‌లో, దాన్ని తెరిచే హక్కు నలుగురికే. ఇంకో అలవాటు కూడా ఉంది, బ్యాంకు పోర్టల్ పాస్‌వర్డ్ ఉన్న పీడీఎఫ్ తీసుకోదు కాబట్టి ప్రింట్ టు పీడీఎఫ్ కొట్టి పాస్‌వర్డ్ లేని కాపీ చేసుకుంటారు, అప్‌లోడ్ అయిపోయాక ఆ విప్పేసిన కాపీ డౌన్‌లోడ్స్‌లో పడి ఉంటుంది. విప్పడం తప్పనిసరి అయితే విప్పాలి, కానీ దానికి "టెంప్" అని ఒక ఫోల్డర్, సాయంత్రం కంప్యూటర్ ఆపే ముందు ఆ ఫోల్డర్ ఖాళీ, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ. ఈ పని ఎవరిది అన్నది పేరుతో సహా రాసి పెట్టాం, లేకపోతే జరగదు.

ఆధార్ నంబర్ మొత్తం అవసరం లేని చోట మాస్క్‌డ్ ఆధార్ తీసుకోమని చెప్పా, యూఐడీఏఐ సైట్‌లోనే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, మొదటి ఎనిమిది అంకెలు కనబడవు, చివరి నాలుగే ఉంటాయి. లోన్ వస్తుందో రాదో తెలుసుకునే ప్రాథమిక ఎంక్వైరీకి అసలు ఆధారే అక్కర్లేదు, శాలరీ వివరాలు, సిబిల్ కోసం పాన్ చాలు. ఎలిజిబిలిటీ తేలాకే మిగతా కాగితాలు అడిగితే రిజెక్ట్ అయ్యేవాళ్ళ ఆధార్లు ఆఫీసులోకి రానే రావు. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది ఈ ఒక్క మార్పే, దీనికి టెక్నాలజీ ఏం అక్కర్లేదు, ఏ కాగితం ఎప్పుడు అడగాలో వరస మార్చడమే.

అకౌంట్స్ బ్యాచ్‌లో అంతా ఎక్సెల్. ప్రతి నెలా ఒక మాస్టర్ షీట్‌లో అన్ని బ్యాంకుల కేసులు, కస్టమర్ పేర్లు, ఫోన్లు, లోన్ మొత్తాలు, కమిషన్ ఉంటాయి. ఒక్కో బ్యాంకు ప్రతినిధికి వాళ్ళ కేసులు మాత్రమే పంపాలి. అకౌంటెంట్ గారు ఏం చేస్తారంటే ఆ బ్యాంకు పేరు మీద ఫిల్టర్ పెట్టి, ఫోన్ నంబర్ల కాలమ్ హైడ్ చేసి, ఫైల్ సేవ్ చేసి పంపిస్తారు. నేను డమ్మీ షీట్‌తో అదే చేసి ఆయనకే మెయిల్ పంపా, తెరిచి ఫిల్టర్ క్లియర్ చేయమన్నా. మిగతా బ్యాంకుల కేసులన్నీ వచ్చేశాయి. కాలమ్ అన్‌హైడ్ చేస్తే ఫోన్లు వచ్చేశాయి. షీట్‌కి ప్రొటెక్షన్ పాస్‌వర్డ్ పెడితే సరిపోతుందా అన్నారు, అది మార్పులు చేయకుండా ఆపడానికే తప్ప లోపల డేటాకి తాళం కాదు.

తర్వాత పివట్ టేబుల్, అంటే పెద్ద షీట్‌ని టోటల్స్‌గా కుదించి చూపించే పట్టిక. డేటా షీట్ డిలీట్ చేసి పివట్ ఒక్కటే ఉంచి పంపిస్తే సేఫ్ అనుకుంటారు. ఆ పివట్‌లో ఏదో ఒక టోటల్ మీద డబుల్ క్లిక్ చేయమన్నా, కొత్త షీట్ తెరుచుకుని ఆ టోటల్ వెనకాల ఉన్న వరసలన్నీ కస్టమర్ పేర్లతో సహా వచ్చి కూర్చున్నాయి. పివట్ తన దగ్గర డేటా కాపీ ఒకటి దాచుకుంటుంది, సోర్స్ షీట్ తీసేసినా అది ఫైల్‌లోనే ఉంటుంది. అకౌంటెంట్ గారు అప్పటిదాకా చేతులు కట్టుకుని వింటున్నవారు, కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

ఇక్కడ నిజంగా జరిగిన కేసు చెప్పా. 2023 ఆగస్టులో ఉత్తర ఐర్లండ్ పోలీసు శాఖ ఒక సమాచార హక్కు దరఖాస్తుకి జవాబుగా ఎక్సెల్ ఫైల్ ఇచ్చింది, ఏ ర్యాంకులో ఎంతమంది ఉన్నారన్న లెక్క అడిగారు, ఇచ్చింది ఆ లెక్కే, కానీ ఆ లెక్క ఏ షీట్ నుంచి తీశారో ఆ షీట్ హైడ్ అయి అదే ఫైల్‌లో ఉండిపోయింది. అందులో 9,483 మంది పోలీసులు, సిబ్బంది ఇంటిపేర్లు, ర్యాంకులు, పనిచేసే చోట్లు ఉన్నాయి. అది పబ్లిక్ వెబ్‌సైట్‌లో కొన్ని గంటలు ఉంది. పోలీసు అని తెలిస్తే ప్రాణానికే ముప్పు ఉండే ప్రాంతం అది, చాలామంది ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పుకోని ఉద్యోగం. 2024 అక్టోబర్‌లో అక్కడి డేటా రెగ్యులేటర్ ఏడున్నర లక్షల పౌండ్ల జరిమానా వేసింది. ఎవరూ హ్యాక్ చేయలేదు. ఒక హైడ్ అయిన ట్యాబ్, దాన్ని చూడకుండా పంపిన మనుషులు, అంతే జరిగింది. ఈ కేసు మన అకౌంట్స్ వాళ్ళకి 250 కోట్ల కన్నా ఎక్కువ తగిలింది, ఎందుకంటే పొద్దున వాళ్ళు చేసిన పనీ అదే.

సరైన పద్ధతి అక్కడే చేయించా. ఫిల్టర్ చేసిన భాగం సెలెక్ట్ చేసుకుని Alt+; కొట్టాలి, అప్పుడు కనిపించే సెల్స్ మాత్రమే సెలెక్ట్ అవుతాయి, హైడ్ చేసిన కాలమ్స్ రావు. కాపీ చేసి కొత్త వర్క్‌బుక్ తెరిచి, పాత ఫైల్‌లోనే కొత్త షీట్ కాదు, వేరే ఫైల్, అందులో పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్‌గా వేయాలి. సేవ్ చేసి, మూసి, మళ్ళీ తెరిచి, కింద ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేస్తే "Unhide" వెలిగి ఉందేమో చూడాలి, వెలిగి ఉంటే లోపల ఇంకో షీట్ దాక్కుని ఉన్నట్టే. ఫైల్ మెనూలో ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ ఆప్షన్ కూడా ఉంది, హిడెన్ షీట్లు, కాలమ్స్, కామెంట్లు వెతికి చెప్తుంది. కానీ ముందు కొత్త ఫైల్‌లోకి వాల్యూస్ పేస్ట్ చేసే అలవాటు ఉంటే దాని అవసరమే చాలాసార్లు రాదు.

ఫీల్డ్ బ్యాచ్ చిన్నగా ముగించా. వాట్సాప్‌లో మీడియా గ్యాలరీలోకి రాకుండా ఆపడం, ఫోటోస్‌లో వాట్సాప్ ఫోల్డర్ బ్యాకప్ ఆఫ్ చేయడం, రెండూ వాళ్ళ ఫోన్లలో వాళ్ళ చేతే చేయించా. "బ్యాంకు వెరిఫికేషన్ నుంచి మాట్లాడుతున్నా, ఫలానా కస్టమర్ నంబర్ కన్ఫర్మ్ చేయండి" అని ఫోన్ వస్తే ఏమీ చెప్పకుండా పెట్టేసి, మన ఆఫీసు లిస్ట్‌లో ఉన్న నంబర్‌కి మనమే తిరిగి చేయడం, అది కూడా ఇద్దరిద్దరిని నిలబెట్టి మాట్లాడించా. గ్రూప్ సంగతి మేనేజర్ చేతే చెప్పించా, "లాగిన్స్" గ్రూప్‌లో ఇక కాగితాలు రావు, కేస్ నంబర్, స్టేటస్ మాత్రమే, కాగితాలు అప్‌లోడ్ ఫారంలోనే.

మూడు బ్యాచుల్లోనూ చివరి పావుగంట ఒకే విషయానికి ఉంచా, పొరపాటు జరిగితే ఏం చేయాలి. కేసు ఇలా ఇచ్చా: సాయంత్రం ఆరింటికి ఒక కస్టమర్ ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్‌ని మీలో ఒకరు బ్యాంకు ఎగ్జిక్యూటివ్‌కి పంపబోయి అదే పేరున్న ఇంకో కస్టమర్‌కి వాట్సాప్ చేసేశారు, రెండు బ్లూ టిక్కులు పడ్డాయి. ఏం చేస్తారు? అందరూ చెప్పింది "డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొడతాం". కొట్టాలి, కానీ ఎదుటివాళ్ళు అప్పటికే డౌన్‌లోడ్ చేసుకుని ఉంటే అది తీయదు, పైగా కంగారులో డిలీట్ ఫర్ మీ కొట్టేస్తే మన చేతిలో ఉన్న అవకాశమే పోతుంది. అందుకని ముందు ఎవరికి, ఏ ఫైల్, ఎన్ని గంటలకి అన్నది ఒక చీటీ మీద రాయడం, తర్వాత డిలీట్, ఆ వెంటనే మేనేజర్‌కి ఫోన్. మేనేజర్ ఆ పొరపాటు కస్టమర్‌కి తనే ఫోన్ చేసి తీసేయమని అడిగి, తీసేశానని మెసేజ్ రాయించుకుంటారు.

ఒక కుర్రాడు లేచి, "సార్, చెప్తే జీతంలో కట్ చేస్తారేమో కదా" అన్నాడు. గదిలో అందరి మనసులో ఉన్న మాట అదే. నేను జవాబు చెప్పలేదు, ఓనర్ గారి వైపు చూశా, ఆయన్ని మూడు బ్యాచుల్లోనూ ఉండమన్నది ఇందుకే. "ఆ రోజే చెప్తే ఏమీ అనను, దాచిపెట్టి నాకు బయటి నుంచి తెలిస్తే మాత్రం ఊరుకోను" అన్నారు. ఆ మాటని అలాగే కాగితం మీద రాయించి సంతకం పెట్టించి బోర్డు మీద పెట్టాం. ఆయన వైపు నుంచి చూసినా ఇది మంచితనం ఒక్కటే కాదు. మెయిన్ బాధ్యతలు అమల్లోకి వచ్చాక, లీక్ అయినట్టు సంస్థకి తెలియగానే ఆలస్యం చేయకుండా డేటా ప్రొటెక్షన్ బోర్డుకి, ఆ కస్టమర్లకి చెప్పాలి, బోర్డుకి పూర్తి వివరాలు 72 గంటల్లోపు ఇవ్వాలి. చిన్న లీక్ కదా వదిలేద్దాం అనడానికి ఆ చట్టంలో సైజు లిమిట్ ఏమీ లేదు. సిస్టమ్ హ్యాక్ అవడం, డేటా లీక్ లాంటి సైబర్ ఘటనలకైతే సెర్ట్-ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ సైబర్ సెక్యూరిటీ సంస్థకి 6 గంటల్లో చెప్పాలని 2022 నుంచే ఆదేశాలున్నాయి. కింద కుర్రాడు రెండు రోజులు భయపడి ఆగితే పైన ఓనర్‌కి మిగిలేది ఏమీ ఉండదు.

నెల తర్వాత మళ్ళీ వెళ్ళా. క్విజ్ పెట్టలేదు, అదే స్క్రిప్ట్ రన్ చేశా. ఓపెన్ లింకులు సగానికి పైగా తగ్గాయి, మిగిలినవి దాదాపు అన్నీ ఒకే ఎగ్జిక్యూటివ్‌కి పంపినవి, ఆయన ఆఫీస్ మెయిల్ ఐడీ ఇవ్వడు, వాట్సాప్‌లోనే కావాలంటాడు. ఇది స్టాఫ్ వల్ల తేలేది కాదు, ఓనర్ గారు ఆయన పై మేనేజర్‌తో మాట్లాడితే ఆ సంస్థ పార్ట్‌నర్ పోర్టల్ లాగిన్ ఒకటి ఇచ్చారు, అది ముందు నుంచీ ఉందట, ఎవరూ అడగలేదు. ఎంట్రీ కంప్యూటర్లలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు రెండిట్లో శుభ్రంగా ఉన్నాయి, ఒకదాంట్లో నిండిపోయి ఉంది, ఆ సీట్‌లో కొత్తగా చేరినావిడ ఉన్నారు, ఆవిడ సెషన్ తర్వాత వచ్చారు. అందుకే చేరిన మొదటి రోజే డమ్మీ ఫైల్‌తో ఈ పనులన్నీ ఒకసారి చేయించే షీట్ ఒకటి తయారుచేసి మేనేజర్‌కి ఇచ్చా.

పొరపాట్ల రిజిస్టర్‌లో ఐదారు ఎంట్రీలు వచ్చాయి, అన్నీ చిన్నవే, తప్పు మెయిల్ ఐడీ, ఒక ప్రింట్ జిరాక్స్ షాపులో మర్చిపోవడం లాంటివి. ఓనర్ గారు కొంచెం దిగులుగా "సెషన్ పెట్టాక ఎక్కువయ్యాయి ఏంటండీ" అన్నారు. ఎక్కువవలేదు, ఇదివరకు కూడా జరిగేవే, ఇప్పుడు చెప్తున్నారు. మొదటి మూడు నాలుగు నెలలు ఆ రిజిస్టర్ ఖాళీగా ఉంటేనే నేను కంగారు పడతా.

మిగిలిపోయిన పని ఒకటుంది, బీరువాలో ఉన్న పాత రిజెక్ట్ కేసుల కాగితాలు. డిజిటల్ చట్టం కాగితం రూపంలోనే ఉండిపోయిన వాటికి వర్తించదు, కానీ వాటి స్కాన్లు డ్రైవ్‌లో ఉన్నాయి, ఆ కాగితాలు పాత సామానుల వాడి చేతికి పోతే కస్టమర్‌కి జరిగే నష్టం ఒకటే. బ్యాంకులతో చేసుకున్న అగ్రిమెంట్లలో కాగితాలు ఎంతకాలం ఉంచమని ఉందో ఒక్కొక్కటి చూస్తున్నారు, లోన్ ఇచ్చిన కేసుల కేవైసీ దాచాల్సిన బాధ్యత బ్యాంకుది, రిజెక్ట్ అయినవాటిలో చాలావరకు ఈ ఆఫీసు ఉంచుకోవాల్సిన అవసరం కనబడట్లేదు. ష్రెడర్ ఆర్డర్ పెట్టారు, అది వచ్చాక బీరువా ఒక్కో అర ఖాళీ చేస్తూ, ఆ కేసు నంబర్ డ్రైవ్‌లో కూడా అదే రోజు డిలీట్ చేసి రిజిస్టర్‌లో టిక్ పెట్టాలని ప్లాన్.